అడ్మినిస్ట్రేటివ్ లా ఆన్సర్ షీట్ గురించి మీతో ఒక పావుగంట మాట్లాడాలి

మేడమ్, నమస్తే.

నేను హరితని, థర్డ్ ఇయర్ బి సెక్షన్, కిటికీ పక్క రెండో బెంచీ, హిందూపురం అమ్మాయి అంటే మీకు టక్కున గుర్తొస్తాను. ఇంగ్లీషులో మొదలుపెడితే ప్రిన్సిపాల్‌కి పెట్టే లీవ్ లెటర్‌లా తయారైంది, క్లాసు బయట ఎలాగూ తెలుగులోనే మాట్లాడుకుంటాం కాబట్టి ఇలాగే రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

నాకు 80కి 37 వచ్చాయి. పాసయ్యాను, ఆ టెన్షన్ లేదు. కానీ ఈ సెమిస్టర్లో నేను ఇష్టపడి చదివిన సబ్జెక్ట్ ఇదొక్కటే, పరీక్ష ముందు రాత్రి మాత్రమే పుస్తకం తెరిచిన ల్యాండ్ లాస్‌లో 51 వచ్చి దీంట్లో 37 రావడం నాకు మింగుడు పడటం లేదు. అందుకే ఆన్సర్ షీట్ జెరాక్స్ తీసుకున్నా.

మార్కులు పెంచమని అడగడానికి కాదు మేడమ్, అది ముందే చెప్పేస్తున్నా. రీవాల్యుయేషన్‌కి వెళ్ళే ఆలోచన కూడా లేదు. దిద్దిన ఆన్సర్ షీట్ చూసుకునే హక్కు స్టూడెంట్‌కి ఉందని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, చూసుకున్నా. మళ్ళీ దిద్దమని సహజ న్యాయం పేరు చెప్పి పట్టుబట్టడం కుదరదని 1984లోనే పరితోష్ కేసులో చెప్పింది, అదీ మీ క్లాసులోనే విన్నా. మీరు చెప్పిన పాఠం మీ మీదే ప్రయోగించేంత ధైర్యం నాకెక్కడిది! నాకు కావలసింది ఎక్కడ తేడా కొట్టిందో తెలియడం, అంతే.

అసలు గొడవంతా నాలుగో ప్రశ్న దగ్గరే. తిన్న జనానికి వాంతులయ్యాయని కంప్లైంట్లు వస్తే, జయనగర్‌లో దర్శిని నడిపే ఆయన లైసెన్స్‌ని హెల్త్ ఆఫీసర్ నోటీసు లేకుండా అదే రోజు రద్దు చేయడం, నీళ్ళ ట్యాంకు నెలలుగా కడగలేదని ఓనర్ ఇన్‌స్పెక్షన్‌లో ఒప్పుకుని సంతకం పెట్టడం, పది రోజుల తర్వాత ఆఫీసర్ పిలిచి అతని మాట విని అదే ఆర్డర్ ఖాయం చేయడం. ఈ ప్రాబ్లమ్ చూడగానే హాల్లోనే నాకు ఉషారొచ్చింది. మేనకా గాంధీ రాశాను, నిర్ణయం ముందు వినాలా తర్వాత విన్నా సరిపోతుందా అన్నదానికి 1981 స్వదేశీ కాటన్ మిల్స్ రాశాను, నష్టం జరిగిందని విడిగా నిరూపించనక్కర్లేదు, వినకపోవడమే నష్టం అని ఎస్.ఎల్. కపూర్ రాశాను. రద్దు చెల్లదు అని తేల్చాను. 16కి 6 వేశారు.

రెండో పేజీలో కపూర్ కేసు పేరు కింద మీ ఎర్ర పెన్ను గీత ఒకటి ఉంది, పక్కన మార్జిన్‌లో 'ఒప్పుకున్నాడుగా?' అని చిన్న అక్షరాలతో రాసి వదిలేశారు. పేపర్ మొత్తంలో మీరు రాసిన మాట అదొక్కటే. దాన్ని పట్టుకుని కబ్బన్ పార్క్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి కపూర్ తీర్పు మొదటినుంచీ చదివా, నోట్సులో ఉన్న నాలుగు లైన్లు కాదు, మొత్తం. మీ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఒప్పుకున్న విషయాల మీద ఒకే ఒక్క నిర్ణయం సాధ్యమై, చట్టం ప్రకారం ఒకే ఒక్క శిక్షకి వీలున్నప్పుడు కోర్టు రిట్ ఇవ్వకపోవచ్చు అని అదే తీర్పులో ఉంది. మన ఆంధ్రా హైకోర్టు నుంచి వెళ్ళిన చిన్నపరెడ్డి గారు రాసిన తీర్పు అది. మళ్ళీ ఆయనే మరుసటి ఏడాది స్వదేశీలో మెజారిటీతో విభేదించారు, నేనేమో రెండు కేసులూ ఒకే పక్షాన నిలబడి ఉన్నట్టు పక్కపక్కన పెట్టి రాశాను. మీరు చూసింది ఇదేనా?

కానీ మేడమ్, ఇక్కడే నాకొక డౌట్ ఉంది, ఇది వాదన కోసం వాదన కాదు. ఓనర్ ఒప్పుకున్నది ట్యాంకు సంగతి. జనానికి వాంతులైంది ఆ నీళ్ళ వల్లే అని ఎక్కడా ఒప్పుకోలేదు, ప్రశ్నలో కూడా 'కంప్లైంట్లు వచ్చాయి' అనే ఉంది. పైగా ఆఫీసర్‌కి లైసెన్స్ సస్పెండ్ చేసే అధికారం కూడా ఉందని మీరే మూడో లైన్లో ఇచ్చారు, అంటే శిక్ష ఒకటే కాదు, రెండు. ఆ రెండు షరతుల్లో ఏదీ ఇక్కడ సరిగ్గా కూర్చోదనిపిస్తోంది, అప్పుడు కపూర్ కేసు నా పక్షానే ఉండాలి కదా. అంటే నా నిర్ణయం కరెక్టే, దారిలో ఈ మెట్టు రాయనందుకు మార్కులు పోయాయా, లేక నిర్ణయమే తప్పు అంటారా? ఈ ఒక్కటి తేలితే చాలు, మిగతావి నేను చూసుకుంటా.

రెండో ప్రశ్న మాత్రం అసలు అర్థం కాలేదు. డెలిగేటెడ్ లెజిస్లేషన్ మీద ఎస్సే. 1951 ఢిల్లీ లాస్ యాక్ట్ కేసులో ఏడుగురు జడ్జీలు ఏడు తీర్పులు రాశారు, నేను అందరివీ వరసగా ఒక్కో పేరా రాశా, ఐదు పేజీలైంది, 7 వచ్చాయి. పేపర్ మీద చిన్న గీత కూడా లేదు. నా పక్క బెంచీ అమ్మాయి రెండున్నర పేజీలు రాసి 12 తెచ్చుకుంది, అడిగి చదివా. తను ఏడుగురినీ వదిలేసి, ముఖ్యమైన శాసనాధికారాన్ని చట్టసభ వేరేవాళ్ళకి అప్పగించకూడదన్న ఒక్క పాయింట్ పట్టుకుని దాన్నే చివరిదాకా లాగింది. తను బాగా రాసింది, అందులో అనుమానం లేదు. మీకు కావలసింది అలాంటి ఆన్సరేనా, లేక నాది చదవలేనంత గజిబిజిగా ఉందా? నా రాత సంగతి నాకూ తెలుసులెండి, కానీ రాత వల్ల అయితే అదీ చెప్పేయండి, మొహమాటపడొద్దు.

నాలుగో ప్రశ్నకి ఆన్సర్ మళ్ళీ రాసి ఉంచా, ఒక్క పేజీ, టైప్ చేసింది. దీనికి అటాచ్ చేస్తున్నా, జెరాక్స్‌లో ఆ రెండు పేజీల ఫోటోలు కూడా. మీకు అందరి పేపర్లూ గుర్తుండవు కదా. టైం లేకపోతే ఆ ఒక్క పేజీ చూసి, ఎక్కడ జారిపోయానో అక్కడ గీత గీసి ఇచ్చినా చాలు.

మాట్లాడటానికి వీలుంటే మంగళవారం, గురువారం మూడున్నర తర్వాత నాకు క్లాసుల్లేవు. స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ ఇబ్బంది అనుకుంటే కారిడార్‌లో నిలబడి మాట్లాడినా నాకు ఓకే. బుధవారం మాత్రం మూట్ ప్రాక్టీస్ ఉంది, అక్కడా సహజ న్యాయమే, అందుకే ఈ తొందర. ఈ వారం మీకు వాల్యుయేషన్ డ్యూటీ ఉందని విన్నా, అలా అయితే వచ్చే వారమైనా పర్లేదు, మీరు ఏ రోజంటే ఆ రోజు వస్తాను.

ఉంటాను మేడమ్,
హరిత
థర్డ్ ఇయర్, బి సెక్షన్

ఇంకోటి మర్చిపోయా. ఒకటో ప్రశ్నలో బి పార్ట్‌కి మార్కే వేసినట్టు లేదు, జెరాక్స్‌లో పడలేదో ఏమో. అది టోటల్లో కలిసిందో లేదో ఎగ్జామ్ సెక్షన్లో అడగాలా, మీతోనే చెప్పాలా?