సదిశల సంకలనం, అదిశా లబ్ధం: ఫోటోలో కనిపించని ప్రశ్నలు

ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థులకు,

శనివారం బోర్డు మీద ఇచ్చిన ప్రశ్నల ఫోటో చాలామందికి తెరుచుకోలేదని, తెరుచుకున్న వారికి కూడా రుణ గుర్తులు ఆనడం లేదని దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుండి నల్గొండకు వచ్చే విద్యార్థులు తెలిపినందున, అవే ప్రశ్నలను ఇక్కడ టైపు చేసి ఇస్తున్నాను. అక్షరం మీద బాణం గుర్తు పెట్టడం ఫోనులో కుదరదు కనుక a, b, c, d, p, q సదిశలనీ, |a| అంటే a పరిమాణమనీ, a.b అంటే అదిశా లబ్ధమనీ, sqrt అంటే వర్గమూలమనీ, (2, -1, 3) అంటే 2i - j + 3k అనీ గ్రహించాలి.

1. కింది సదిశలకు a + b, |a + b|, a.b, వాటి మధ్య కోణం కనుక్కోండి.

```
a = (2, -1, 3)
b = (1, 4, -2)
```

దీన్ని నేనే సాధించి చూపుతున్నాను.

```
a + b = (3, 3, 1),  |a + b| = sqrt(19)
a.b = 2 - 4 - 6 = -8
|a| = sqrt(14),  |b| = sqrt(21)
cos θ = -8/sqrt(294),  θ = 117.8° (సుమారు)
```

|a + b|^2 = |a|^2 + |b|^2 + 2(a.b) కనుక 14 + 21 - 16 = 19 వచ్చి లెక్క సరిపోతుంది. ఫోటోలో చెరిగిన గుర్తును వదిలేసి b = (1, 4, 2) అని తీసుకున్నవారికి a.b విలువ 4 వచ్చి, అధిక కోణం కాస్తా అల్పకోణంగా మారిపోతుంది. అందుకే ఆ చిన్న గీత గురించి ఇంతగా చెబుతున్నాను.

2. నాగార్జునసాగర్ జలాశయంలో ఒక పుట్టిని ఇద్దరు జాలరులు రెండు తాళ్లతో ఒడ్డుకు లాగుతున్నారు. బలాలు 60 న్యూటన్లు, 100 న్యూటన్లు. పుట్టికి కట్టిన చోట తాళ్ల మధ్య కోణం 60°. ఫలిత బలం పరిమాణం ఎంత?

ఈ ప్రశ్నకు బోర్డు మీద వేసిన బొమ్మలో రెండో బాణాన్ని మొదటి బాణం కొన నుండి గీసినందున త్రిభుజం లోపల 120° కనిపిస్తుంది. సూత్రంలో వాడవలసిన కోణం అది కాదు; రెండు సదిశల తోకలనూ ఒకే బిందువు దగ్గర ఉంచినప్పుడు ఏర్పడే 60° మాత్రమే. సరిగా చేస్తే 140 న్యూటన్లు వస్తుంది, సుమారు 87 వచ్చినవారు కోణం దగ్గర పొరబడినట్టు.

3. p = (t, 2, -1), q = (3, t, 10) పరస్పరం లంబంగా ఉంటే t విలువ కనుక్కోండి.

4. |c| = 5, |d| = 12, |c + d| = 13 అయితే c.d ఎంత? ఇందులో అంశాలు ఇవ్వలేదు, అవసరం కూడా లేదు.

చివరి మూడు ప్రశ్నలను అన్ని మెట్లతో నోటుపుస్తకంలో రాసి సోమవారం మొదటి పీరియడ్‌కు తీసుకురావలెను. రెండో ప్రశ్నకు బొమ్మ తప్పనిసరి.