2026–27 ప్రాజెక్టులకు మార్కుల పద్ధతి – భీమవరం రొయ్యల ప్లాంట్

అన్ని విభాగాల హెడ్‌లకు,

ఈ ఏడాది కొత్త పెట్టుబడికి ఎండీ గారు ఇచ్చింది 6 కోట్లు. మీరు అడిగినవన్నీ కూడితే 11.40 కోట్లు. ఆ 6 కోట్లలో 60 లక్షలు అనుకోని ఖర్చులకు పక్కన పెట్టాం. దాన్ని ఎవరూ అడగకండి, అక్టోబరు, నవంబరు తుపాన్ల తర్వాత ఎవరికో ఒకరికి కావాల్సి వస్తుంది. మురుగునీటి శుద్ధి ప్లాంట్ విస్తరణకు 1.10 కోట్లు మార్కులు లేకుండానే ఇచ్చేస్తున్నాం. కాలుష్య నియంత్రణ మండలి షరతు కాబట్టి అది చేయక తప్పదు. తప్పనిసరి పనికి మార్కులు వేసి, తక్కువ వచ్చిందని పక్కన పెట్టలేం కదా. ఇవి పోగా 4.30 కోట్లు మిగిలాయి. ఆరు ప్రపోజల్స్ దాని కోసం పోటీ పడుతున్నాయి.

రెండేళ్ల క్రితం మీటింగులో గట్టిగా మాట్లాడినవాళ్ళ మాట నెగ్గి ఒక పెద్ద జనరేటర్ కొన్నాం. వెనక షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని ఉన్నది అదే. ఆ తప్పు మళ్ళీ జరగకూడదనే ఈ పద్ధతి.

దేనికి ఎన్ని మార్కులు

ఐదు అంశాలున్నాయి. వాటి వెయిట్లు కలిపితే 100. ఒక్కో అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు.

*పెట్టిన డబ్బు తిరిగి రావడం – 30.* రెండేళ్లలోపు వస్తే 5. మూడేళ్లలోపు 4, నాలుగేళ్లలోపు 3, ఆరేళ్లలోపు 2, ఆ పైన 1. లెక్క అకౌంట్స్ వాళ్ళు వేస్తారు, ప్రపోజల్ పెట్టినవాళ్ళు కాదు.

*కొనుగోలుదారు – 25.* ఈ పని చేస్తే ఆర్డర్ నిలబడుతుందా, కొత్తది వస్తుందా అన్నది చూస్తాం. కొనేవాడు రాతపూర్వకంగా అడిగి ఉంటేనే 5. "వాళ్ళకి బాగా ఇంట్రెస్ట్ ఉంది సార్" అనే మాటకు 2 దాటి వేయం. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఒకే దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో అందరం చూశాం. అందుకే మరో మార్కెట్‌కి కూడా పనికొచ్చే ప్రాజెక్టుకు ఇక్కడ మొగ్గు ఉంటుంది.

*రిస్క్ – 20.* రిస్క్ తక్కువైతే మార్కులు ఎక్కువ. ఈ ఒక్కచోట తిరగేసి వేయాలి. పోయినసారి ఇద్దరు రిస్క్ ఎక్కువని 5 వేసి, ప్రపోజల్‌కే మేలు చేశారు.

*సిద్ధంగా ఉండటం – 15.* మూడు కొటేషన్లు, స్థలం, అనుమతులు చేతిలో ఉంటే 5. కట్టుబడి పని ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. మనది పల్లపు నేల. కాలవలు కట్టేసిన వేసవిలో పునాది తీయాలి. జూన్‌లో నీళ్ళు వదిలాక తవ్వితే గోతిలో ఊట ఆగదు, మోటారు పెట్టి తోడుకుంటూ కూర్చోవాలి. మెరక ఖర్చు కలపని కొటేషన్‌ని కొటేషన్ కింద లెక్కించం.

*రైతు – 10.* చెరువు దగ్గర మన మీద నమ్మకం పెంచుతుందా అన్నది ప్రశ్న. రైతు సరుకు పక్క ప్లాంట్‌కి పంపితే మన మిషన్లన్నీ ఖాళీగా తిరుగుతాయి.

"నష్టం తగ్గింపు" అని పాత షీటులో ఆరో అంశం ఉండేది. తీసేశాం. తగ్గిన నష్టం డబ్బు రూపంలో మొదటి అంశంలోకి ఎలాగూ వస్తుంది, ఒకే లాభానికి రెండుసార్లు మార్కులు పడుతున్నాయి.

ప్రతి అంశంలోనూ వెయిట్‌ని మార్కుతో గుణించి, ఐదూ కూడి, 5తో భాగిస్తే 100కి ఎంతో వస్తుంది. నలుగురు విడివిడిగా వేశారు. ఎవరి ప్రపోజల్‌కి వాళ్ళు వేసుకోలేదు. రెండు మార్కుల కంటే ఎక్కువ తేడా వచ్చినచోట కూర్చుని మాట్లాడుకున్నాం.

వచ్చిన ఫలితం

| ప్రపోజల్ | కోట్లు | డబ్బు | కొనుగోలు | రిస్క్ | సిద్ధం | రైతు | మొత్తం |
|---|---|---|---|---|---|---|---|
| ఎలీసా టెస్టింగ్ ల్యాబ్ | 0.45 | 3 | 5 | 4 | 4 | 5 | 81 |
| మూడు ఇన్సులేటెడ్ వ్యాన్లు | 0.75 | 4 | 2 | 4 | 5 | 4 | 73 |
| రూఫ్‌టాప్ సోలార్ | 1.40 | 4 | 2 | 5 | 5 | 1 | 71 |
| ఐక్యూఎఫ్ రెండో లైన్ | 2.60 | 3 | 5 | 3 | 3 | 3 | 70 |
| కొత్త కోల్డ్ స్టోరేజ్ | 1.90 | 3 | 3 | 4 | 2 | 2 | 59 |
| బ్రెడెడ్ రొయ్యల లైన్ | 3.20 | 2 | 4 | 2 | 2 | 2 | 50 |

ల్యాబ్ మొదట నిలవడం ఎవరికీ ఆశ్చర్యం కాదు. యాంటీబయోటిక్ అవశేషం కంటెయినర్ అవతలి రేవుకి చేరాక బయటపడితే సరుకు మొత్తం వెనక్కి. పట్టుబడికి ముందే చెరువు దగ్గర శాంపిల్ తీస్తే ఆ లోడు కొనకుండా ఆగొచ్చు, రైతుకీ ముందే తెలుస్తుంది.

వ్యాన్ల మీద మాత్రం చాలాసేపు వాదించుకున్నాం. "అద్దె బండ్లు ఉండగా సొంతవి ఎందుకు" అని ప్రొడక్షన్ వాళ్ళ ప్రశ్న. అప్పుడు కొనుగోలు విభాగం వాళ్ళు మే నెలలో ఆకివీడు వైపు నుంచి వచ్చిన ఒక లోడు ఫోటోలు చూపించారు. మధ్యాహ్నం రెండింటికి బయల్దేరిన మామూలు ట్రక్కు. గేటు దగ్గర దింపేసరికి పై క్రేట్లలో ఐసు గుప్పెడు కూడా లేదు, కింద క్రేట్లలో నీళ్ళు. రొయ్య తలలు నల్లబడ్డాయి. ఆ లోడుకి గ్రేడు తగ్గించి ఎంత పోగొట్టుకున్నామో అకౌంట్స్ వాళ్ళు తీసి చెప్పాక డబ్బు అంశంలో 3 కాస్తా 4 అయింది. వాదనలో ఇలాంటి కాగితం ఉంటేనే మార్కు కదులుతుంది.

కత్తెర ఎక్కడ పడింది

పైనుంచి వరసగా ఇచ్చుకుంటూ వస్తే మూడింటికి 2.60 కోట్లు పోతుంది, 1.70 మిగులుతుంది. ఐక్యూఎఫ్ పట్టదు, కోల్డ్ స్టోరేజ్ కూడా పట్టదు. డబ్బు ఊరికే ఉండిపోతుంది.

సోలార్‌కి 71, ఐక్యూఎఫ్‌కి 70. ఈ ఒక్క మార్కు తేడాకు విలువ లేదు. మూడు మార్కులలోపు తేడాను సమానం కిందే చూడాలని ముందే రాసుకున్నాం. సమానమైనప్పుడు వేరే దారి ఉన్నది ఆగాలి. సోలార్‌కి ఆ దారి ఉంది. ప్యానెళ్ళు వాళ్ళే పెట్టుకుని యూనిట్‌కి ఇంత అని మన దగ్గర తీసుకునే కంపెనీలున్నాయి. మన పెట్టుబడి అక్కర్లేదు, లాభం మాత్రం కొంత తగ్గుతుంది. ఐక్యూఎఫ్‌కి అలాంటి ఏర్పాటు లేదు.

కాబట్టి ల్యాబ్, వ్యాన్లు, ఐక్యూఎఫ్ కలిపి 3.80 కోట్లు ఆమోదానికి పంపుతున్నాం. మిగిలిన 50 లక్షలు సెప్టెంబరు రివ్యూ వరకు కదపం. సోలార్‌కి యూనిట్ రేటు కొటేషన్లు మెయింటెనెన్స్ వాళ్ళు మార్చి 20 లోపు ఇవ్వాలి.

ఒకటి దాచకుండా చెప్పాలి. డబ్బు వెయిట్ 40కి పెంచి, కొనుగోలుదారు వెయిట్ 15కి తగ్గిస్తే సోలార్ 75, ఐక్యూఎఫ్ 66 అవుతాయి. అంటే ఈ నిర్ణయం వెయిట్ల మీదే నిలబడి ఉంది. అందుకే ప్రపోజల్స్ తెరవక ముందే వెయిట్ల మీద ఎండీ గారి సంతకం తీసుకున్నాం. ఇప్పుడు మార్చమని ఎవరూ అడగొద్దు. వచ్చే ఏడాదికి మార్చాలనుకుంటే జనవరిలో రాయండి.

బ్రెడెడ్ లైన్ టీమ్‌కి: 50 వచ్చింది కొనుగోలుదారు లేకపోవడం వల్ల కాదు. రుచి, ప్యాకింగ్ ట్రయల్ చేయకుండా 3.20 కోట్లు అడిగారు. ముందు చిన్న ట్రయల్‌కి విడిగా అడగండి, ప్లాంట్ ఖర్చుల్లోంచి చూస్తాం. కోల్డ్ స్టోరేజ్ వాళ్ళకి ఆగింది స్థలం దగ్గరే. మెరక కొటేషన్ కలిపి తెస్తే సెప్టెంబరులో మళ్ళీ మార్కులు వేస్తాం.

అభ్యంతరాలు ఏ అంశంలో, ఏ కాగితం ఆధారంగా అన్నది రాసి శుక్రవారం సాయంత్రానికి పంపండి. ఫోన్ చేసి చెబితే లెక్కలోకి రాదు.

– ప్లానింగ్ విభాగం