శాఖల విలీనం తరువాత మారిపోయిన పెన్షన్ ఖాతా వివరాలను సరిచేయవలసిందిగా దరఖాస్తు

తెనాలి,
తేది: 20-11-2025

గౌరవనీయులైన బ్రాంచి మేనేజరు గారికి,
మెయిన్ రోడ్డు శాఖ, తెనాలి, గుంటూరు జిల్లా.

దరఖాస్తుదారు: ముక్కామల వెంకట సూర్యనారాయణ, విశ్రాంత స్కూల్ అసిస్టెంట్ (గణితం), జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, నివాసం: ఐతానగర్, తెనాలి.

విషయం: చివరి అంకెలు 4417 గల నా పెన్షన్ సేవింగ్స్ ఖాతాలోను, దానితో ముడిపడిన రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లలోను శాఖల విలీనం తరువాత మారిన పేరు, పుట్టిన తేదీ, మొబైల్ నంబరు, ఉమ్మడి ఖాతాదారు, నామినీ వివరాలను పూర్వంలాగే పునరుద్ధరించడం గురించి.

ఆర్యా,

నేను 31-07-2012న ఉద్యోగ విరమణ చేసిన రాష్ట్ర ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. నాటి నుంచి నా పెన్షన్ తెనాలి సబ్ ట్రెజరీ ద్వారా మీ బ్యాంకులోని పై ఖాతాకే జమ అవుతోంది. ఈ ఏడాది ఆగస్టులో మా పాత శాఖను తమ శాఖలో విలీనం చేశారు. ఖాతా నంబరు మారదని, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, చెక్కు పుస్తకం మాత్రమే మారతాయని అప్పట్లో శాఖ గోడమీద నోటీసు పెట్టారు. ఖాతా నంబరు మారని మాట నిజమే. కానీ సెప్టెంబరులో తమ శాఖ ఇచ్చిన కొత్త పాస్‌బుక్కును పాత పాస్‌బుక్కు పక్కన పెట్టి చూసినప్పుడు, నంబరు తప్ప నాకు సంబంధించిన ముఖ్యమైన వివరాలు చాలావరకు మారిపోయి ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి మార్చమని కూడా నేను గాని, నా భార్య గాని ఏనాడూ దరఖాస్తు ఇవ్వలేదు.

అన్నిటికంటే ముందుగా తమ దృష్టికి తేవలసింది మొబైల్ నంబరు సంగతి. పాత శాఖలో నమోదైన నా నంబరు చివరి అంకెలు 36. ఇప్పుడు ఖాతాకు అనుసంధానమై ఉన్నది 58తో ముగిసే వేరే నంబరని కౌంటరులోని ఉద్యోగి కంప్యూటరులో చూసి చెప్పారు. ఆ నంబరు ఎవరిదో నాకు తెలియదు. సెప్టెంబరు నుంచి నా ఖాతాలో జమ, ఖర్చు జరిగినప్పుడు రావలసిన సందేశాలు నాకు రావడం లేదంటే అవి ఆ తెలియని వ్యక్తికి చేరుతున్నాయనే అనుకోవాలి. ఓటీపీలు కూడా అక్కడికే వెళ్లే పరిస్థితి ఉన్నప్పుడు ఇది కేవలం అక్షర దోషం కాదు, ఖాతా భద్రతకే సంబంధించిన విషయం. కనుక మిగిలిన సవరణలకు ఎంత సమయం పట్టినా, ఆ నంబరును మాత్రం ఈ దరఖాస్తు అందిన రోజే తొలగించి నా నంబరును చేర్చవలసిందిగాను, ఆ పని పూర్తయ్యేవరకు ఈ ఖాతాపై ఫోను ద్వారా, ఇంటర్నెట్ ద్వారా జరిగే లావాదేవీలను నిలిపి ఉంచవలసిందిగాను కోరుతున్నాను. విలీనం నాటి నుంచి నేటి వరకు పూర్తి ఖాతా స్టేట్‌మెంటును కూడా దయచేసి ఇప్పించండి. అందులోని ప్రతి పద్దును నేను స్వయంగా సరిచూసుకోవాలి.

నా పేరు పీపీవోలోను, ఆధార్‌లోను, పాన్ కార్డులోను, మీ బ్యాంకు పాత పాస్‌బుక్కులోను ‘ముక్కామల వెంకట సూర్యనారాయణ’ అని ఒకే విధంగా ఉంది. కొత్త పాస్‌బుక్కులో అది ‘ఎం. వెంకట నారాయణ’ అయింది. నవంబరు 1న జమ కావలసిన పెన్షన్ ఖాతా వివరాలు సరిపోలక వెనక్కు వెళ్లిందని, మళ్లీ పంపుతామని సబ్ ట్రెజరీలో చెప్పారు. ఆ మొత్తం 10వ తేదీన గాని జమ కాలేదు. నెలనెలా మందులు, ఫిజియోథెరపీ ఖర్చులు ఈ పెన్షన్ మీదే ఆధారపడిన ఇంట్లో ఆ పది రోజులు ఎలా గడుస్తాయో తమకు వేరే చెప్పనవసరం లేదు. పైగా ఇప్పుడు నెఫ్ట్ ద్వారా డబ్బు పంపేవారికి ఖాతాదారు పేరు ముందుగానే తెరమీద కనిపిస్తోంది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి డబ్బు పంపబోతే వేరే పేరు కనిపించి ఆగిపోయాడు. అతను ఆగడమే సరైన పని. పేరు సరిపోలకపోతే పంపవద్దనేగా అందరికీ చెబుతున్నది.

పుట్టిన తేదీ విషయంలో జరిగిన పొరపాటు చూడటానికి ఒక్క అంకెదే అయినా దాని ప్రభావం చాలా దూరం పోయింది. నేను పుట్టింది 12-07-1954న. 70 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వం ఇచ్చే అదనపు పెన్షన్‌ను ట్రెజరీ ఈ తేదీ ప్రకారమే నాకు మంజూరు చేసి చెల్లిస్తోంది. మీ రికార్డులో ఇప్పుడు అది 12-07-1974గా ఉంది. అంటే 71 ఏళ్ల నన్ను కంప్యూటరు 51 ఏళ్లవాడిగా లెక్కిస్తోంది. దీనివల్ల రెండు నష్టాలు జరిగాయి.

మొదటిది, రూ. 4,00,000 డిపాజిట్ 12-09-2025న గడువు తీరి, దానంతటదే తిరిగి డిపాజిట్ అయినప్పుడు, సీనియర్ సిటిజన్లకు మీ బ్యాంకు అదనంగా ఇచ్చే 0.50 శాతం లేకుండా సాధారణ రేటుకే నమోదయింది. ఏడాదికి రూ. 2,000 తేడా. రెండవది, సెప్టెంబరు 30న మరో డిపాజిట్ మీద వచ్చిన రూ. 9,500 వడ్డీలో రూ. 950 టీడీఎస్‌గా కోశారు. రెండు డిపాజిట్ల మీద ఈ ఆర్థిక సంవత్సరంలో నాకు రాగల వడ్డీ సుమారు రూ. 66,000. 2025 ఏప్రిల్ 1 నుంచి సీనియర్ సిటిజన్ల బ్యాంకు వడ్డీకి టీడీఎస్ పరిమితి రూ. 1,00,000 కాగా, ఇతరులకు రూ. 50,000. నా వయసు సరిగా నమోదై ఉంటే ఒక్క రూపాయి కూడా కోయవలసిన అవసరం ఉండేది కాదు. అదీగాక, ఏప్రిల్‌లోనే పాత శాఖలో 15హెచ్ ఫారం సమర్పించి రసీదు తీసుకున్నాను. కోసిన పన్ను ఇప్పటికే ప్రభుత్వ ఖాతాకు చేరి ఉంటుంది గనుక దానిని మీరు తిరిగి ఇవ్వాలని పట్టుబట్టను. రిటర్ను దాఖలు చేసి రాబట్టుకోవడానికి వీలుగా నా పాన్ మీద ఫారం 16ఏ ఇప్పించండి. ఆ పన్ను నా పాన్ మీదే జమయిందో లేదో కూడా ఒకసారి దయచేసి సరిచూడండి. డిసెంబరు త్రైమాసికం వడ్డీలో మాత్రం కోత పడకుండా చూడాలి. రూ. 4,00,000 డిపాజిట్‌కు 12-09-2025 నుంచే సీనియర్ సిటిజన్ రేటు వర్తింపజేయాలి.

ఇక నా భార్య ముక్కామల రాజ్యలక్ష్మి విషయం. ఈ ఖాతా మొదటి నుంచీ మా ఇద్దరి పేరుమీద, ఇద్దరిలో ఎవరైనా లేదా జీవించి ఉన్నవారు నడిపే పద్ధతిలో ఉంది. కొత్త పాస్‌బుక్కులో ఆమె పేరే లేదు. ఆమె ఏటీఎం కార్డు కూడా పనిచేయడం లేదు. రెండు డిపాజిట్లకు ఆమే నామినీ కాగా, ఇప్పుడు ఆ గడి ఖాళీగా ఉంది. నా తదనంతరం ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ రావలసింది కూడా ఈ ఖాతాకే గనుక, పేరు లేకపోవడం నాకు చాలా ఆందోళన కలిగిస్తోంది. నాకు ఏదైనా జరిగిన తరువాత, పక్షవాతంతో మంచం పట్టిన మనిషి తన డబ్బు కోసం వారసత్వ ధ్రువపత్రాలు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరగవలసిన పరిస్థితి రాకూడదనే అప్పుడు ఉమ్మడి ఖాతా తెరిచాము. ఈ నవంబరు 1 నుంచి డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు వచ్చిందని, కావాలంటే కొత్త ఫారం ఇమ్మని కౌంటరులో సలహా ఇచ్చారు. ప్రస్తుతానికి నాకు ఆ అవసరం లేదు. లోగడ నేను ఇచ్చిన నామినేషన్ ఎలా ఉన్నదో అలా తిరిగి కనిపిస్తే చాలు.

ఈ సందర్భంలో ఒక్క విషయం స్పష్టంగా విన్నవించుకుంటున్నాను. ఇవన్నీ సరిచేయాలంటే మా ఇద్దరమూ శాఖకు వచ్చి, కేవైసీ ఫారాలు మళ్లీ నింపి, పేరు మార్పుకు, పుట్టిన తేదీ మార్పుకు, ఉమ్మడి ఖాతాదారును చేర్చడానికి విడివిడిగా దరఖాస్తులు ఇవ్వాలని ఉద్యోగులు చెబుతున్నారు. వారిపై నాకు ఏ ఫిర్యాదూ లేదు. రద్దీలో కూడా మర్యాదగానే మాట్లాడారు. అయితే ఖాతాదారు కోరిన మార్పుకు ఆ పద్ధతి తగినదే గాని, బ్యాంకు తన రికార్డులను బదిలీ చేసేటప్పుడు దొర్లిన తప్పుకు అది వర్తించదు. సరైన వివరాలు మీ దగ్గరే, నా ఖాతా ప్రారంభ ఫారంలోను, నామినేషన్ ఫారంలోను, పాత శాఖ రిజిస్టర్లలోను ఉన్నాయి. వాటితో పోల్చి పూర్వస్థితిని పునరుద్ధరించడం బ్యాంకు పని. రాజ్యలక్ష్మిని కొత్తగా చేర్చినట్లు నమోదు చేస్తే ఆమె నేటి నుంచి మాత్రమే ఉమ్మడి ఖాతాదారు అవుతుంది. అది నిజం కాదు. అందుచేత ఇది ‘మార్పు’గా కాక ‘దిద్దుబాటు’గా నమోదు కావాలని నా అభ్యర్థన.

అయినప్పటికీ ఆమె సంతకమో వేలిముద్రో తప్పనిసరి అయితే, దయచేసి ఒక ఉద్యోగిని మా ఇంటికి పంపించండి. 70 ఏళ్లు పైబడినవారికి, దీర్ఘవ్యాధులతో కదలలేనివారికి ఇంటివద్దనే సేవలు అందించాలని 2017 నవంబరులో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ ఆదేశాలిచ్చింది. ఆమె వైద్యుని ధ్రువపత్రం జతచేశాను.

సబ్ ట్రెజరీలో నా ఖాతాకు ఇంకా పాత ఐఎఫ్ఎస్‌సీ కోడే ఉంది. కొత్త కోడు, ఖాతా నంబరు, నా పూర్తి పేరు పేర్కొంటూ శాఖ ముద్రతో సబ్ ట్రెజరీ అధికారి గారి పేరిట ఒక లేఖ ఇప్పిస్తే నేనే తీసుకువెళ్లి అందజేస్తాను. డిసెంబరు పెన్షన్ బిల్లుకు ముందే అది చేరితే మరోసారి డబ్బు వెనక్కు పోకుండా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మేము జీవన ధ్రువపత్రం సమర్పించాలి. అందులో పీపీవోతో పాటు బ్యాంకు వివరాలు కూడా నమోదు చేస్తారు గనుక, ఈ సవరణలన్నీ డిసెంబరు 10లోగా పూర్తిచేసి, ఏ వివరం ఏ తేదీన ఎలా సరిచేశారో తెలుపుతూ లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

విలీనంలో వేల ఖాతాలు ఒక్కసారిగా మీ శాఖకు వచ్చాయని, పని భారం పెరిగిందని నాకు తెలుసు. 30 రోజుల్లో పరిష్కారం కాని ఫిర్యాదును రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు నివేదించుకునే అవకాశం ఉన్నప్పటికీ, తమ స్థాయిలోనే ఇది తీరుతుందనే నమ్మకంతో ముందుగా తమకే విన్నవించుకుంటున్నాను. పాత శాఖ నుంచి వచ్చిన ఇతర పెన్షనర్ల ఖాతాలను కూడా ఒకసారి సరిచూడమని మనవి. వారిలో కొందరు పాస్‌బుక్కు చదువుకోలేనివారు, సందేశం రాలేదని గుర్తించలేనివారు ఉన్నారు.

ఈ దరఖాస్తు రెండవ ప్రతిపై తేదీ, శాఖ ముద్ర వేసి ఇప్పించగలరు.

జతపరచినవి: పాత, కొత్త పాస్‌బుక్కుల మొదటి పేజీల నకళ్లు, పీపీవో, ఆధార్, పాన్ కార్డుల నకళ్లు, పదవ తరగతి ధ్రువపత్రం నకలు, రెండు డిపాజిట్ రసీదుల నకళ్లు, 15హెచ్ ఫారం రసీదు, నా భార్య ఆధార్ నకలు, వైద్యుని ధ్రువపత్రం.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)
ముక్కామల వెంకట సూర్యనారాయణ
ఖాతా చివరి అంకెలు: 4417