బిడ్ మూల్యాంకన నివేదిక: రోజుకు 40 మిలియన్ లీటర్ల తాగునీటి శుద్ధి కేంద్రం

చీఫ్ ఇంజినీరు గారికి సమర్పించడమైనది.

శుద్ధి కేంద్రం రూపకల్పన, నిర్మాణం, ఆపై 5 ఏళ్ల నిర్వహణ కోసం పిలిచిన టెండరుకు నాలుగు బిడ్లు వచ్చాయి. గోప్యత కోసం బిడ్డర్లను ఎ, బి, సి, డి అని పేర్కొంటున్నాం. టెండరు షరతుల మేరకు సాంకేతికాంశాలకు 70 శాతం, ధరకు 30 శాతం ప్రాధాన్యం ఇచ్చాం. సాంకేతికంగా 70 మార్కులైనా రాని బిడ్డరు ధరల కవరు తెరవరాదు.

సాంకేతిక మార్కులు

| అంశం | గరిష్ఠం | ఎ | బి | సి | డి |
|---|---|---|---|---|---|
| శుద్ధి ప్రక్రియ రూపకల్పన | 35 | 29 | 31 | 24 | 17 |
| ఇలాంటి పనుల అనుభవం | 25 | 22 | 20 | 18 | 19 |
| కీలక సిబ్బంది | 15 | 12 | 13 | 11 | 10 |
| పని ప్రణాళిక, గడువు | 15 | 12 | 13 | 13 | 11 |
| నిర్వహణ ప్రణాళిక | 10 | 8 | 9 | 6 | 6 |
| మొత్తం | 100 | 83 | 86 | 72 | 63 |

డి వెనకబడడానికి ప్రధాన కారణం ఫిల్టర్లు. ఒక్కోటి 48 చదరపు మీటర్ల చొప్పున ఆరు ఫిల్టర్లు ప్రతిపాదించారు. గంటకు సుమారు 1,667 ఘనపు మీటర్ల నీటికి ఆరూ పనిచేస్తున్నంత వరకు వడపోత వేగం గంటకు 5.8 మీటర్లే. కానీ ఒక ఫిల్టరును కడగడానికి ఆపగానే మిగతా ఐదింటిపై అది 6.9కు చేరుతుంది. టెండరు పరిమితి 6 మీటర్లు, అదీ ఒక ఫిల్టరు ఆగి ఉన్నప్పుడు. వివరణ అడిగితే, రెండు ఫిల్టర్లను ఒకేసారి కడగబోమని జవాబిచ్చారు. మేం అడిగింది అది కాదు. డి ధరల కవరును తెరవకుండానే తిరిగి పంపాం.

ఎ, బి ఇద్దరూ 40 చదరపు మీటర్ల ఫిల్టర్లు ఎనిమిదేసి ఇచ్చారు. ఒకటి ఆగినా వేగం 5.95 దాటదు. వానల్లో ముడి నీటి బురదతనం 500 ఎన్‌టీయూకు చేరినప్పుడు పటిక మోతాదు ఎలా మార్చాలో జార్ పరీక్షల ఫలితాలతో సహా చూపింది బి ఒక్కరే. ఫిల్టర్లు కడిగిన నీటిని మళ్లీ శుద్ధికి మళ్లించడం వల్ల వారి నీటి నష్టం 2 శాతమే. ఎకు 3, సికి 5.

బి అనుభవం మార్కులపై కమిటీలో వాదన జరిగింది. వారు చూపిన పనుల్లో ఒకటి పరిశ్రమకు నీరందించే కేంద్రం. తాగునీటి అనుభవంగా దాన్ని లెక్కించకూడదని ఒక సభ్యుడు పట్టుబట్టారు. ఆ అభ్యంతరం సబబే కనుక ముందు వేసిన 23ను 20కి తగ్గించాం.

ధరల పోలిక

శాఖ నిర్మాణ అంచనాను 100గా తీసుకున్న సూచికలివి. 5 ఏళ్ల నిర్వహణ ఖర్చును నేటి విలువకు మార్చి కలిపాం.

| | ఎ | బి | సి |
|---|---|---|---|
| నిర్మాణం | 101.5 | 106.0 | 94.0 |
| నిర్వహణ | 27.5 | 24.0 | 33.5 |
| మొత్తం | 129.0 | 130.0 | 127.5 |
| ధర మార్కులు | 98.84 | 98.08 | 100.00 |

సి చదివి వినిపించిన నిర్మాణ ధర 92.8. బురద గట్టిపరిచే యంత్రాల వరుసలో రేటును సంఖ్యతో గుణిస్తే వచ్చే మొత్తం, వారు రాసిన మొత్తం కలవలేదు. షరతుల ప్రకారం రేటే ప్రమాణం కాబట్టి 94.0గా సరిదిద్దాం, సి రాతపూర్వకంగా అంగీకరించారు.

నిర్మాణంలో సి, బిల మధ్య తేడా 12 పాయింట్లు. అది చివరికి 2.5కు కుదించుకుపోవడానికి కరెంటే ముఖ్య కారణం. శుద్ధ జలాల పంపింగ్ సహా ఘనపు మీటరుకు సి హామీ ఇచ్చిన వినియోగం 0.31 యూనిట్లు, ఎది 0.25, బిది 0.22. సి పంపులకు వేగం మార్చే డ్రైవులు లేవు. ప్రవాహాన్ని వాల్వు బిగించి తగ్గిస్తారు.

ఉమ్మడి మార్కులు

బి 89.62, ఎ 87.75, సి 80.40.

ప్రాధాన్యాలు మార్చితే వరుస మారుతుందేమోనని కూడా చూశాం. సగం సగం చేసినా (బి 92.04, ఎ 90.92), ధరకే 70 శాతం ఇచ్చినా (బి 94.46, ఎ 94.09) బి ముందే ఉంది. అయితే రెండో లెక్కలో తేడా చాలా స్వల్పం. ఆ సంగతి దాచకుండా నమోదు చేస్తున్నాం.

సిఫార్సు

కాంట్రాక్టును బిడ్డరు బికి ఇవ్వాలని కమిటీ ఏకగ్రీవంగా సిఫార్సు చేస్తోంది. అనుభవం మార్కులపై అభ్యంతరం చెప్పిన సభ్యుడూ సంతకం చేశారు. ఒప్పందానికి ముందు మూడు పనులు జరగాలి. 0.22 యూనిట్ల హామీని ఒప్పందంలో రాసి, ఏటా కొలిచి, అదనపు వినియోగం ఖర్చును బిల్లులో కోయాలి. ఈ హామీ నిలవకపోతే పై పోలికకే అర్థం లేదు. ముందస్తు చెల్లింపు పెంచాలన్న షరతును బి లేఖ ద్వారా వెనక్కి తీసుకుంది, ఆ లేఖను ఒప్పందానికి జతపరచాలి. ప్రతిపాదించిన ప్రాసెస్ ఇంజినీరును శాఖ అనుమతి లేకుండా మార్చరాదు.

బిడ్ల చెల్లుబాటు గడువు ఇంకా 34 రోజులు ఉంది.