పేరు పెట్టి పిలవండి

హెచ్‌ఎం గారికి, తోటి ఉపాధ్యాయులకు, పిల్లలందరికీ నమస్కారం. ఎండ ఎక్కుతోంది, వెనక వరుసల వాళ్లు వేపచెట్టు నీడలోకి జరగండి. జీవశాస్త్రం టీచరు మైకు పట్టుకుంటే పాఠం తప్పదనుకుంటున్నారేమో, పాఠం కొంచెమే ఉంది.

మన తిరుపతిలో ఒక సంగతి గమనించారా? కొండ మీద కల్యాణకట్టలో తలనీలాలిచ్చి వచ్చినవాళ్లు బస్టాండులో, అంగళ్లలో, మన తరగతుల్లో కూడా కనిపిస్తారు. గుండుతో బడికి వచ్చిన పిల్లవాడిని "మొక్కు తీరిందా?" అని అడిగి ఊరుకుంటాం. అదే గుండుతో వాడు ఇంకెక్కడో కొత్త బడిలో అడుగుపెడితే వారం రోజులు ఏడిపించవచ్చు. తల అదే, మారింది చూసేవాళ్ల అలవాటు. నలుపు, లావు, పొట్టి, మొటిమలు, సోడాబుడ్డి కళ్లద్దాలు, వీటి సంగతీ అంతే. వీటిని చూసి నవ్వడం మనం ఒకరి దగ్గర ఒకరం నేర్చుకున్నదే.

మా బంధువుల్లో ఒకావిడ చిత్తూరులో ఉద్యోగం చేస్తున్నారు. నలభై దాటాయి. నవ్వు వచ్చిందంటే చాలు, కుడిచేయి లేచి నోటికి అడ్డం వస్తుంది. చదువుకునే రోజుల్లో ఎత్తుపళ్లు ఉండేవి, తరగతిలో 'తురుముపీట' అని పిలిచేవారట. తరువాత క్లిప్పులు వేయించుకున్నారు, పళ్లు చక్కగా వరుసకు వచ్చాయి. పళ్లు సర్దుకున్నా చేయి మాత్రం ఇప్పటికీ లేస్తూనే ఉంది. పెళ్లి ఫొటోల్లో కూడా పెదవులు బిగించి కనిపిస్తారు.

ఎందుకిలా జరుగుతుంది? ఇదే ఇవాళ్టి పాఠం. భయం, అవమానం కలిగించిన సంఘటనలను మెదడు మామూలు విషయాలకంటే గట్టిగా దాచుకుంటుంది. అందులో అమిగ్డాలా అనే చిన్న భాగం పాత్ర పెద్దది. పైగా 'నేనెవరిని, నేనెలా ఉంటాను' అనే లెక్క మీ వయసులోనే కుదురుకుంటుంది. లెక్కల్లో మార్కులు తగ్గాయని నవ్వితే వచ్చే పరీక్షలో తెచ్చుకోవచ్చు. రంగునో ఎత్తునో చూసి నవ్వితే ఆ పిల్లవాడు ఏం చేయగలడు? మీరన్న మాట మీరు మరచిపోతారు. తను మాత్రం రోజూ పొద్దున అద్దం ముందు తల దువ్వుకుంటూ దాన్ని మళ్లీ వింటాడు. ఆపై దాచుకోవడం మొదలవుతుంది. నోరు మూసుకోవడం, గ్రూపు ఫొటోలో వెనక్కి వెళ్లడం, ఆటల పోటీకి పేరు ఇవ్వకపోవడం. దాచుకున్నంత కాలం, దాచకపోయినా ఎవరూ నవ్వరని తెలుసుకునే అవకాశమే రాదు. అందుకే ఆ భయం ముదురుతుంది తప్ప తగ్గదు.

బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లలను పరిశోధకులు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. ఏడు, పదకొండేళ్ల వయసులో తోటివాళ్ల వేధింపులకు గురైనవారిలో యాభై ఏళ్లకు కూడా కుంగుబాటు, ఆందోళన ఎక్కువగా కనిపించాయని 2014లో ప్రచురించారు. అది అన్ని రకాల వేధింపుల గురించి, రూపం గురించి మాత్రమే కాదు. అయినా యాభై ఏళ్లంటే మీ తాతయ్యల వయసు, ఆలోచించండి.

'సరదాకి అన్నాం మేడమ్, వాడు కూడా నవ్వాడు' అంటారు. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారని నవ్వాడు. ఈ మాట తెలియనివాళ్లు ఇక్కడ ఎవరూ లేరని నాకు తెలుసు. నిద్రపోతున్న స్నేహితుడి ముఖాన్ని ఫోనులో తీసి స్టిక్కరు చేసి పంపడం కూడా ఇందులోకే వస్తుంది. ఈ మాటలు పడలేక కొందరు డాక్టరును అడగకుండానే మందుల షాపులో తెల్లబరిచే క్రీములు కొని పూసుకుంటున్నారు. స్టెరాయిడ్ ఉన్న క్రీము నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు ఇంకా పెరుగుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు కూడా 'నల్లపిల్ల' అని ముద్దుగా అంటారు. ఆ ముద్దు పెద్దవాళ్లకే కానీ పిల్లకు కాదు. హాజరు పిలిచేటప్పుడు 'పొడుగు', 'బొద్దు' అని తగిలించే ఉపాధ్యాయులకూ ఇది వర్తిస్తుంది. స్టాఫ్ రూములో నన్ను తిట్టుకోవచ్చు.

ఎవరైనా ఏడిపిస్తుంటే మీరు హీరోలు కానక్కర్లేదు, నవ్వకండి చాలు. నవ్వేవాళ్లు లేని జోకు రెండోసారి రాదు. తరువాత ఆ పిల్ల పక్కన కూర్చుని అన్నం తినండి. మీకే జరుగుతుంటే మీ క్లాస్ టీచరుకు చెప్పండి. మాకు చెప్పలేకపోతే 1098కి ఫోను చేయండి, అది పిల్లల కోసమే ఉన్న నంబరు. మనసు బాగాలేకపోతే 14416, టెలి మానస్. రెండూ ఉచితం, రాత్రి పగలు పనిచేస్తాయి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరగా ఒక పని. నీళ్ల కుళాయిల దగ్గర గోడ మీద ఎవరో బొగ్గుతో తొమ్మిదో తరగతి వాళ్ల మారుపేర్లన్నీ వరుసగా రాశారు. ఎవరు రాశారని నేను అడగను. భోజనం బెల్లు కొట్టేలోపు అది తుడిచేసి ఉండాలి. చీపురు, బకెట్టు ల్యాబులో ఉన్నాయి. ఇక ప్రతిజ్ఞకు నిలబడండి.