తమ్ముడికి 30 రోజుల టైంటేబుల్: ఇమ్యునాలజీ, హెమటాలజీ

తమ్ముడూ, నువ్వు పంపిన గ్రాండ్ టెస్ట్ పేపర్ కూర్చుని మొత్తం చూశాను. ఈ రెండు సబ్జెక్టుల నుంచి 24 ప్రశ్నలు వస్తే 11 సరిగ్గా పెట్టావు. తప్పుపోయిన 13లో నీకు అసలు అర్థం కానివి నాలుగో ఐదో. మిగిలినవన్నీ ఒకప్పుడు చదివి, గుర్తు పెట్టుకుని, జారవిడుచుకున్నవే. అందుకే ఈసారి టాపిక్‌లను "ఎంత కష్టంగా అర్థమవుతుంది" అని కాకుండా "ఎంత త్వరగా మర్చిపోతాం" అనే లెక్కతో విడగొట్టాను. సైటోకైన్స్ అర్థం చేసుకోవడానికి గంట చాలు, మర్చిపోవడానికి రెండు రోజులు చాలు. హైపర్‌సెన్సిటివిటీ అలా కాదు, ఒకసారి సరిగ్గా పట్టుబడితే నిలబడుతుంది.

ఇంకో సంగతి. నువ్వు ఇమ్యునాలజీని మైక్రోబయాలజీ నోట్సులో, హెమటాలజీని పాథాలజీ నోట్సులో పెట్టుకుని వేరువేరుగా చదువుతున్నావు. ఈ నెల రెండూ పక్కపక్కన నడుస్తాయి. కాంప్లిమెంట్ చదివిన మర్నాడే పీఎన్‌హెచ్, టైప్ 2 హైపర్‌సెన్సిటివిటీ తర్వాత ఆటోఇమ్యూన్ హీమోలైసిస్. ఒకటి చదువుతుంటే రెండోది దానంతట అదే రివిజన్ అవుతుంది.

రంగులు ఇవి

ఎరుపు అంటే జారిపోయేది. చదివాక 1, 3, 7, 14 రోజులకు, అంటే నాలుగుసార్లు తిరిగి చూడాలి. పసుపు అంటే ఆలోచించి అర్థం చేసుకోవాల్సింది. ఆ వారం ఆదివారం ప్రశ్నల్లో ఒకసారి, 26, 27 రోజుల్లో ఇంకోసారి. ఆకుపచ్చ అంటే నీకు వచ్చినదే. ఆదివారం ప్రశ్నలు చేస్తే చాలు, మళ్ళీ పుస్తకం తెరవొద్దు.

సమయం

పొద్దున 5:30 నుంచి 7:30 దాకా కొత్త టాపిక్. రాత్రి 9 నుంచి 10 దాకా రివిజన్ మాత్రమే. రివిజన్ అంటే నోట్సు చదవడం కాదు. తెల్ల కాగితం తీసుకుని గుర్తున్నది రాసి, ఆ తర్వాతే నోట్సు తెరిచి, రాయలేకపోయినవి ఎర్ర పెన్నుతో నింపు. 4వ, 11వ రోజుల్లో నీకు నైట్ డ్యూటీ ఉంది కాబట్టి ఆ రెండు రోజులకూ ఆకుపచ్చవే పెట్టాను. 5, 12 రోజుల్లో పొద్దున పడుకో. ఆ రోజు టాపిక్ సాయంత్రం 4 నుంచి 6 దాకా చదువు.

మొదటి వారం

1వ రోజు, సోమవారం. ఆకుపచ్చ. రక్తకణాల పుట్టుక, సహజ రోగనిరోధకత. తేలికగా మొదలుపెట్టు. టోల్ లైక్ రిసెప్టర్లలో 4వది ఎల్‌పీఎస్‌ను గుర్తిస్తుందన్నది మాత్రం వదలకు.

2వ రోజు. ఎరుపు. కాంప్లిమెంట్. రెండు గంటలూ దీనికే. మూడు దారులూ సీ3 దగ్గర కలుస్తాయి కాబట్టి బొమ్మ సీ3 నుంచి మొదలుపెట్టి పైకీ కిందికీ గీయి. క్లాసికల్, లెక్టిన్ దారులకు సీ3 కన్వర్టేజ్ ఒకటే, సీ4బీ2ఏ. ఆల్టర్నేటివ్‌కు సీ3బీబీబీ. ఆప్సోనైజేషన్‌కు సీ3బీ, న్యూట్రోఫిల్స్‌ను పిలవడానికి సీ5ఏ. సీ5 నుంచి సీ9 వరకు ఏది లోపించినా మళ్ళీ మళ్ళీ నైసీరియా ఇన్‌ఫెక్షన్లు వస్తాయి.

3వ రోజు. పసుపు. పీఎన్‌హెచ్, హెరిడిటరీ యాంజియోఎడీమా. కాంప్లిమెంట్‌కు కళ్ళెం లేకపోతే ఏమవుతుందో చూపించే జబ్బులివి. పీఎన్‌హెచ్‌లో పిగ్‌ఏ జీన్ మ్యుటేషన్ వల్ల సీడీ55, సీడీ59 కణం మీద నిలబడవు. నిర్ధారణ ఫ్లో సైటోమెట్రీతో. రాత్రి: కాంప్లిమెంట్ బొమ్మ, చూడకుండా.

4వ రోజు. ఆకుపచ్చ. ఇమ్యునోగ్లోబులిన్లు. డ్యూటీ రూములో ఖాళీ దొరికితే ఒకసారి తిరగేయి, దొరక్కపోతే బాధపడకు.

5వ రోజు. పసుపు. ఎంహెచ్‌సీ, యాంటిజెన్ ప్రెజెంటేషన్, టీ కణాలు. ఎనిమిది లెక్క నీకు తెలుసు: క్లాస్ 1తో సీడీ8, క్లాస్ 2తో సీడీ4, ఎలా గుణించినా 8. రాత్రి: కాంప్లిమెంట్ రెండోసారి.

6వ రోజు. ఎరుపు. సైటోకైన్స్. అంకెల వరుసలో బట్టీ పట్టొద్దు. పోయినసారి అలాగే చేసి ఐఎల్-4, ఐఎల్-5 తారుమారు చేశావు. ఏ కణం విడుదల చేస్తుంది, ఎవరిని కదిలిస్తుంది అని రెండు గళ్ళ పట్టిక రాయి. ఐఎల్-4 బీ కణాన్ని ఐజీఈ వైపు తిప్పుతుంది, ఐఎల్-5 ఇయోసినోఫిల్స్‌ను పెంచుతుంది. ఐఎల్-12 టీహెచ్1 వైపు నడిపిస్తుంది, ఆ టీహెచ్1 ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ గామా మాక్రోఫేజ్‌ను లేపుతుంది.

7వ రోజు, ఆదివారం. పొద్దున 40 ప్రశ్నలు, ఈ వారం టాపిక్‌ల నుంచే. రాత్రి సైటోకైన్స్. మధ్యాహ్నం నీ ఇష్టం, పుస్తకం మాత్రం వద్దు.

రెండో వారం

8వ రోజు. పసుపు. హైపర్‌సెన్సిటివిటీ 1, 2. ట్రిప్టేజ్ అనే మాట కనిపిస్తే మాస్ట్ కణం గుర్తుకు రావాలి.

9వ రోజు. పసుపు. టైప్ 2 రక్తంలో ఎలా కనిపిస్తుందో ఈ రోజు చూస్తావు: ఆటోఇమ్యూన్ హీమోలైటిక్ ఎనీమియా, నవజాత శిశువుల్లో ఆర్‌హెచ్ వల్ల వచ్చే హీమోలైసిస్, కూంబ్స్ పరీక్ష. వార్మ్ రకంలో ఐజీజీ, ప్లీహంలో కణాల నాశనం. కోల్డ్ రకంలో ఐజీఎం, కాంప్లిమెంట్. డైరెక్ట్ కూంబ్స్ కణం మీద ఉన్న యాంటీబాడీని, ఇన్‌డైరెక్ట్ సీరంలో ఉన్నదాన్ని వెతుకుతుంది. రాత్రి బరువు ఎక్కువ: కాంప్లిమెంట్ మూడోసారి, సైటోకైన్స్ రెండోసారి. ఒక్కోదానికి అరగంట.

10వ రోజు. పసుపు. టైప్ 3, టైప్ 4.

11వ రోజు. ఆకుపచ్చ. బ్లడ్ గ్రూపులు, రక్తం ఎక్కించడం. ప్లేట్‌లెట్లు ఫ్రిజ్‌లో పెట్టరు, 20 నుంచి 24 డిగ్రీల దగ్గర కదుపుతూ ఉంచుతారు. ట్రాలీ రక్తం ఎక్కించిన 6 గంటల్లోపే వస్తుంది.

12వ రోజు. పసుపు. మైక్రోసైటిక్ ఎనీమియాలు. ఇక్కడ తొందరపడకు, ఐరన్ ప్రొఫైల్ ప్రశ్న తప్పితే నాకు నిజంగా బాధేస్తుంది. ఐరన్ లోపంలో ఫెరిటిన్ తక్కువ, టీఐబీసీ ఎక్కువ. దీర్ఘకాలిక జబ్బు వల్ల వచ్చే ఎనీమియాలో హెప్సిడిన్ ఐరన్‌ను నిల్వల్లోనే బంధించేస్తుంది కాబట్టి ఫెరిటిన్ ఎక్కువ, టీఐబీసీ తక్కువ. హెప్సిడిన్‌ను పెంచేది ఐఎల్-6, అంటే 6వ రోజు పట్టిక ఇక్కడ పనికొచ్చింది చూశావా. మెంట్జర్ ఇండెక్స్ 13 కంటే తక్కువైతే తలసీమియా ట్రెయిట్ అనుమానించు, హెచ్‌బీఏ2 3.5 శాతం దాటితే బీటా ట్రెయిట్ వైపు మొగ్గు.

13వ రోజు. పసుపు. మాక్రోసైటిక్, ఏప్లాస్టిక్. బీ12 లోపంలో హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ యాసిడ్ రెండూ పెరుగుతాయి, ఫోలేట్ లోపంలో మొదటిది ఒక్కటే. రాత్రి: సైటోకైన్స్ మూడోసారి.

14వ రోజు, ఆదివారం. 50 ప్రశ్నలు, అందులో 15 మొదటి వారం నుంచి.

మూడో వారం

ఇదే బరువైన వారం. నైట్ డ్యూటీలు లేవు కాబట్టే ఇక్కడ పెట్టాను.

15వ రోజు. పసుపు. స్ఫీరోసైటోసిస్, జీ6పీడీ, సికిల్ సెల్. జీ6పీడీలో ఒక ఉచ్చు ఉంది: హీమోలైసిస్ జోరుగా ఉన్నప్పుడు పరీక్ష చేస్తే ఎంజైమ్ మామూలుగా రావచ్చు. పాత కణాలు పగిలిపోయి, ఎంజైమ్ ఎక్కువగా ఉండే లేత కణాలు మిగలడమే కారణం.

16వ రోజు. ఎరుపు. ఇమ్యునోడెఫిషియెన్సీలు, బీ, టీ కణాలవి. బ్రూటన్, డిజార్జ్, స్కిడ్, హైపర్ ఐజీఎం, విస్కాట్ ఆల్డ్రిచ్. జబ్బు పేరు నుంచి కాకుండా పిల్లవాడి నుంచి మొదలుపెట్టు. ఆరు నెలలు దాటిన మగపిల్లవాడు, మళ్ళీ మళ్ళీ చెవి, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు, కనిపించని టాన్సిల్స్: బ్రూటన్. ఆరు నెలలే ఎందుకంటే అప్పటిదాకా తల్లి ఇచ్చిన ఐజీజీ కాపాడింది. రాత్రి: కాంప్లిమెంట్ నాలుగోసారి, దీంతో అది పూర్తి.

17వ రోజు. ఎరుపు. ఫాగోసైట్ లోపాలు. బొడ్డుతాడు ఆలస్యంగా రాలితే ఎల్ఏడీ, కెటలేజ్ పాజిటివ్ సూక్ష్మజీవులతో ఇన్‌ఫెక్షన్లయితే సీజీడీ, న్యూట్రోఫిల్స్‌లో పెద్ద పెద్ద గ్రాన్యూల్స్ ఉంటే ఛెడియాక్ హిగాషి. రాత్రి 16వ రోజుది.

18వ రోజు. ఎరుపు. కోయాగులేషన్. పీటీ మాత్రమే పెరిగితే ఫ్యాక్టర్ 7, ఏపీటీటీ మాత్రమే పెరిగితే 8, 9, 11, 12లో ఒకటి. మిక్సింగ్ స్టడీలో సరి అయితే లోపం, కాకపోతే ఇన్‌హిబిటర్. లూపస్ యాంటీకోయాగులెంట్‌లో ఏపీటీటీ పెరిగినా రోగికి రక్తం కారదు, గడ్డకడుతుంది. ఇది ఎప్పుడూ అడిగే మెలిక. రాత్రి 17వ రోజుది.

19వ రోజు. పసుపు. ప్లేట్‌లెట్ జబ్బులు: ఐటీపీ, టీటీపీ, హెచ్‌యూఎస్, డీఐసీ. టీటీపీలో పీటీ, ఏపీటీటీ మామూలే, డీఐసీలో పెరుగుతాయి. ఈ ఒక్క తేడా మీద ఎన్ని ప్రశ్నలైనా తయారు చేయొచ్చు. ఏడీఏఎంటీఎస్13 గుర్తుందిగా. రాత్రి 16, 18 రోజులవి.

20వ రోజు. పసుపు. ఆటోయాంటీబాడీలు, ట్రాన్స్‌ప్లాంట్ రిజెక్షన్. రాత్రి 17వ రోజుది, సైటోకైన్స్ చివరిసారి.

21వ రోజు, ఆదివారం. 60 ప్రశ్నలు. రాత్రి కోయాగులేషన్. ఈ రోజు మార్కులు తగ్గితే టెన్షన్ పడకు, ఈ వారం చదివింది ఇంకా కుదురుకోలేదు. మార్కులు కాదు, ఏ రంగులో తప్పులు పడ్డాయో అది నాకు మెసేజ్ పెట్టు.

నాలుగో వారం

22వ రోజు. ఎరుపు. అక్యూట్ లుకీమియాలు. ఎం3లో 15;17 ట్రాన్స్‌లొకేషన్, ఆవర్ రాడ్స్, డీఐసీ ప్రమాదం, మందు ఏటీఆర్ఏ.

23వ రోజు. ఎరుపు. సీఎంఎల్, పాలిసైథీమియా, సీఎల్ఎల్, హెయిరీ సెల్. రాత్రి 22, 16.

24వ రోజు. ఎరుపు. లింఫోమాలు. ఫాలిక్యులర్ 14;18, మాంటిల్ 11;14, బర్కిట్ 8;14. మూడింటిలోనూ 14 ఎందుకుందో తెలిస్తే సగం బట్టీ తప్పుతుంది: ఇమ్యునోగ్లోబులిన్ హెవీ చెయిన్ జీన్ ఉండేది ఆ క్రోమోజోమ్ మీదే. సీడీ5 ఉన్న బీ కణం కనిపిస్తే సీఎల్ఎల్, మాంటిల్ రెండూ గుర్తుకు రావాలి. సీడీ23 ఉంటే సాధారణంగా సీఎల్ఎల్, సైక్లిన్ డీ1 ఉంటే మాంటిల్. రాత్రి 23, 17.

25వ రోజు. పసుపు. మైలోమా. కావాలనే చిన్న టాపిక్ పెట్టాను, రాత్రి 24, 22, 18 మూడూ ఉన్నాయి. ఒక అరగంట ముందే కూర్చో.

26వ రోజు. ఇమ్యునాలజీ పసుపువన్నీ. రాత్రి 23.

27వ రోజు. హెమటాలజీ పసుపువన్నీ. రాత్రి 24.

28వ రోజు, ఆదివారం. 100 ప్రశ్నలు, ఒకే కూర్చోవడంలో, ఫోన్ వేరే గదిలో.

29వ రోజు. నిన్నటి తప్పులు మాత్రమే. ఒక్కో తప్పు పక్కన "తెలియదు", "మర్చిపోయాను", "సరిగ్గా చదవలేదు" అని మూడింట్లో ఒకటి రాయి. రాత్రి 22.

30వ రోజు. కొత్తది ఏమీ లేదు. "మర్చిపోయాను" అని రాసినవి పొద్దున చూసుకో. రాత్రి 23, 16.

నెల ముగిసినా కొన్ని ఎరుపు టాపిక్‌లకు చివరి రివిజన్లు మిగిలి ఉంటాయి. వచ్చే నెల నువ్వు ఏ సబ్జెక్టు చదువుతున్నా ఆ రాత్రి గంట వీటికే. 31వ రోజు లింఫోమాలు, ఫాగోసైట్ లోపాలు. 32న కోయాగులేషన్. 36న అక్యూట్ లుకీమియాలు, 37న సీఎంఎల్, సీఎల్ఎల్ జట్టు, 38న లింఫోమాలు ఆఖరుసారి. ఈ తేదీలు ఇప్పుడే క్యాలెండర్‌లో రాసి, ఫొటో తీసి నాకు పంపు.