పోస్టు మాస్టారు సుబ్బారావు గారు (1946–2025): స్మృతి పుట

మా నాన్నగారు సుబ్బారావు గారు 2025 జనవరి 12వ తేదీ ఆదివారం, క్రోధి నామ సంవత్సర పుష్య శుద్ధ చతుర్దశి నాడు, తెల్లవారితే భోగి అనగా, దీపాలు పెట్టే వేళ మా ఊళ్లోని సొంత ఇంట్లో కన్నుమూశారు. అప్పుడు ఆయన చెయ్యి అమ్మ చేతిలో ఉంది. ఆయనకు 78 ఏళ్లు. దివిసీమలో అవనిగడ్డకు దక్షిణాన ఉన్న మా ఊరికి ఆయన 1968 నుంచి 2011 వరకు, 43 ఏళ్ల పాటు బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేశారు. ఆయన కోరిక ప్రకారం ఆ రాత్రే నేత్రదానం జరిగింది. ఆ కళ్లు ఎవరికి అమర్చారో మాకు తెలియదు. దాత కుటుంబానికి ఆ పేర్లు చెప్పకపోవడం నేత్రనిధుల పద్ధతి. ఆ పద్ధతి నాన్నగారికి నచ్చే ఉంటుంది.

ఈ పుటను ఆయన పెద్ద కూతురిగా నేను రాస్తున్నాను. తమ్ముడు డల్లాస్ నుంచి, చెల్లెలు హైదరాబాదు నుంచి ఫోటోలు, జ్ఞాపకాలు పంపారు. అమ్మ చెప్పినవి చెప్పినట్టుగా రాసుకున్నాను.

ఆయన జీవితం

మా ఇంటి వీధి అరుగు పక్కన ఉన్న గదే పోస్టాఫీసు. గోడకు ఎర్ర పెట్టె, లోపల ఒక బల్ల, ఒక తాళం పెట్టె, తేదీ ముద్ర, తూకం వేసే చిన్న త్రాసు ఉండేవి. బ్రాంచి పోస్టుమాస్టరుది పూర్తి కాలపు కొలువు కాదు. రోజుకు కొన్ని గంటల పని, అందుకు తగిన చిన్న భత్యం మాత్రమే ఉండేవి కాబట్టి, ఇల్లు గడవడానికి ఆయన రెండెకరాల వరి సాగు చేసుకునేవారు. పొద్దున పొలానికి వెళ్లి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గది తలుపు తీసేవారు. ఆ చొక్కా లేకుండా ఆయన ముద్ర చేతిలోకి తీసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆ రోజుల్లో ఊళ్లో చాలామందికి చదువు రాదు. ఉత్తరం అందజేయడంతో పని ముగిసేది కాదు, దాన్ని చదివి వినిపించాలి, జవాబు కూడా రాసిపెట్టాలి. అందుకు ఆయన పెట్టుకున్న నియమాలు మా ముగ్గురికీ కంఠతా వచ్చు. ఎవరైనా కార్డు ముక్కో ఇన్లాండు కవరో పట్టుకుని అరుగెక్కితే పిల్లలం పెరట్లోకి వెళ్లిపోవాలి. కవరు ఎవరిదో వారి చేతనే చింపించేవారు. ముందు తాను మనసులో చదువుకుని, ఆ తర్వాత పక్కవారికి కూడా వినపడనంత మెల్లగా వినిపించేవారు. అందులో చెడు కబురు ఉంటే మొదట మంచినీళ్లు ఇచ్చేవారు. ఆయన చెంబు అందుకోవడం చూసి కొందరు అప్పుడే ఏడుపు మొదలుపెట్టేవారని అమ్మ చెబుతుంది.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి ఇక్కడ కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఆయన తన పనిని ఏమనుకున్నారో అప్పుడే తెలిసింది. ఆ శనివారం సముద్రం దివిసీమ మీదికి వచ్చింది. సొర్లగొంది, మూలపాలెం, హంసలదీవి వంటి తీర గ్రామాలలో జరిగిన నష్టం తెలుగువారందరికీ తెలిసిందే. అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మందికి పైగా చనిపోయారు. మా ఊరు కొంత లోపలికి ఉండటం వల్ల నిలబడింది. నీరు ఇంట్లోకి వస్తుండగా నాన్నగారు పొదుపు ఖాతాల పాసుబుక్కులను, నగదు సంచిని, ముద్రను మైనపు గుడ్డలో చుట్టి అటక మీదికి చేర్చారు. మా అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి సామాను మాత్రం కొట్టుకుపోయింది. అమ్మ ఆ మాట ఆయనను ఎన్నడూ అనలేదు.

తపాలా సంచి మళ్లీ రావడం మొదలయ్యాక అసలు కష్టం ఎదురైంది. హైదరాబాదులోనో విజయవాడలోనో సైన్యంలోనో పనిచేస్తున్న కొడుకులు పంపిన మనియార్డర్లు, ఆడపిల్లలు పుట్టింటికి రాసిన ఉత్తరాలు, ప్రాణాలతో లేని మనుషుల పేర్ల మీద వస్తూనే ఉన్నాయి. నిబంధన ప్రకారం "చిరునామాదారు మరణించారు" అని రాసి తిప్పి పంపాలి. ఆయన అలాగే రాశారు. కానీ కన్నతల్లి పోయిన సంగతి ఒక కొడుకుకు వాపసు వచ్చిన ఫారం మీది రెండు ముక్కల వల్ల తెలియకూడదని, ప్రతి ఒక్కరికీ తన డబ్బుతో కొన్న కార్డు మీద వేరుగా ఉత్తరం రాశారు. ఎవరు, ఎక్కడ, ఎలా పోయారో, అంత్యక్రియలు జరిగాయో లేదో, ఇంట్లో మిగిలినవారు ఎవరి దగ్గర తలదాచుకున్నారో కనుక్కుని మరీ రాశారు. ఆ పేర్లు, తాను రాసిన తేదీలు ఒక నోటుపుస్తకంలో గుర్తుపెట్టుకున్నారు. ఆయన పోయిన తర్వాత ట్రంకుపెట్టె అడుగున అది మాకు దొరికింది. అంతవరకు అటువంటి పుస్తకం ఒకటి ఉందని అమ్మకు కూడా తెలియదు.

ఫోటోలు

మొదటిది 1969లో బందరులోని ఒక స్టూడియోలో తీయించుకున్నది. చేతిలో ఉన్న గడియారం స్టూడియోవారిది, పక్కనున్న సైకిలు మాత్రం ఆయన సొంతం.

రెండవది 1971 నాటి పెళ్లి ఫోటో. తడి తగిలి కుడివైపు మూల చెరిగిపోయింది. బాగుచేయించగలమని చెల్లెలు అంది గానీ, ఆ మరక ఉప్పెన నీటిది కాబట్టి అలాగే ఉంచమని అమ్మ చెప్పింది.

మూడవది 1983 ప్రాంతంలో తీసినది. అరుగు మీద ఆయన ముద్ర వేస్తున్నారు. ఎదురుగా నిలబడిన వ్యక్తి ముఖం కనబడకుండా చేశాం, వారి కుటుంబంలో అనుమతి అడగడానికి మాకు ఎవరూ దొరకలేదు.

నాలుగవది 2004 కృష్ణా పుష్కరాలలో మేమంతా కలిసి స్నానానికి వెళ్లినప్పటిది. ఐదవది 2011లో పదవీ విరమణ నాడు తాళంచెవులు అప్పగిస్తున్నప్పటిది, చొక్కా అదే ఇస్త్రీ చొక్కా. చివరిది 2024 సంక్రాంతి నాడు మనవరాలి చెయ్యి పట్టుకుని చేను గట్టు మీద నడుస్తుండగా వెనుక నుంచి తీసినది. నాకు అన్నిటికన్నా అదే ఇష్టం.

జ్ఞాపకాలు

అమ్మ చెప్పినది: "యాభై ఏళ్లు దాటిన కాపురంలో ఆయన ఊళ్లో ఎవరి ఉత్తరం సంగతీ నాకు చెప్పలేదు. ఒకసారి మా సొంత ఆడపడుచు గురించే ఏదో వచ్చిందని పసిగట్టి వారం రోజులు అడిగాను. 'అది మన ఇంటికి వచ్చిన ఉత్తరం కాదు కదా' అన్నారు. అప్పుడు కోపం వచ్చింది. కానీ ఆ తర్వాత నా మనసులో మాట ఏదైనా ఆయనకు చెప్పాలంటే ఎన్నడూ భయపడలేదు."

మా ఊరి ఆవిడ ఒకరు చెప్పగా చెల్లెలు రాసుకున్నది (ఆమె కోరిక మేరకు పేరు ఇవ్వలేదు): "మా ఆయన మిలిటరీలో ఉండేవారు. నెలకొక ఉత్తరం వచ్చేది. మాస్టారే చదివేవారు. కొన్ని మాటల దగ్గర ఆయనా ఆగేవారు, నేనూ తల వంచుకునేదాన్ని. నాలుగో ఉత్తరానికి, 'అమ్మాయ్, మీ ఇద్దరి మధ్య నేనెందుకు? అక్షరాలు నేర్చుకో' అన్నారు. రోజూ మధ్యాహ్నం పలక పట్టుకుని వచ్చేదాన్ని. మీ అమ్మ కూడా పక్కనే కూర్చుని సాయం చేసేది. ఏడాది తిరిగేసరికి జవాబు నేనే రాశాను. ఆ కవరు మీద ముద్ర వేస్తూ మాస్టారు, 'ఇక నాకు ఒక ఉత్తరం పని తగ్గింది' అని నవ్వారు."

తమ్ముడు రాసినది: "చిరునామా రాయడం నాకు నాన్నగారే నేర్పారు. పిన్‌కోడు 1972లో వచ్చింది కాబట్టి అది తన ఉద్యోగం కన్నా నాలుగేళ్లు చిన్నదని చెప్పేవారు. అమెరికా వెళ్లాక నేను వారం వారం ఫోను చేసినా, నెలకొక ఉత్తరం రాయమని అడిగేవారు. మొదటి రెండేళ్లు రాసి మానేశాను. ఇప్పుడు ఆయన పెట్టెలో ఆ ఇరవైనాలుగూ తేదీల వరుసలో దారం కట్టి ఉన్నాయి. ఇరవైఐదోది రాయనందుకు నాకు బాధగా ఉంది."

మీ దగ్గర కూడా ఆయన జ్ఞాపకం ఉంటే, ఈ పుట ఆహ్వానం మీకు ఏ నంబరు నుంచి వచ్చిందో ఆ నంబరుకే పంపండి. రాయలేనివారు మాటల్లో చెప్పి పంపినా మేము రాసుకుని, మీకు చదివి వినిపించి, మీరు సరేనన్న తర్వాతే ఇక్కడ చేరుస్తాం.

ఈ పుటను ఎవరు చూడవచ్చు, ఏమి పెట్టలేదు

ఇతరుల సంగతులు ఎన్నడూ బయటపెట్టని మనిషి గురించిన పుట కాబట్టి, ఈ భాగం మీద మేము ముగ్గురం చాలా రోజులు మాట్లాడుకున్నాం. మా మధ్య తేడాలు కూడా వచ్చాయి. అందరికీ తెరిచి ఉంచాలని తమ్ముడు, కుటుంబానికే పరిమితం చేయాలని చెల్లెలు అన్నారు. చివరకు, ఆహ్వానం లింకు అందినవారు మాత్రమే చూసేలా, గూగుల్‌లో పేరు వెతికితే కనబడకుండా ఉండేలా పెట్టాం. ఊరివారు, బంధువులు, ఆయనతో పనిచేసిన తపాలా ఉద్యోగులు ఎవరు అడిగినా లింకు పంపుతాం.

ఆఖరి రోజుల ఫోటోలు, అంత్యక్రియలు, పెద్దకర్మ ఫోటోలు వేరే ఆల్బములో ఉన్నాయి. దాన్ని అమ్మ, మేము ముగ్గురం, నాన్నగారి తోడబుట్టినవారు మాత్రమే తెరవగలరు. మంచాన పడిన స్థితిలో తనను ఎవరూ చూడకూడదని ఆయనే కోరారు. ఆయన జబ్బు వివరాలు కూడా అందుకే రాయలేదు. మనవల పేర్లు, వాళ్లు చదివే బడుల పేర్లు లేవు. వాళ్లు పెద్దయ్యాక కావాలనుకుంటే వాళ్లే చేర్చుకుంటారు.

ఇంటిపేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు, అమ్మ ఫోను నంబరు కావాలనే ఇవ్వలేదు. చావు కబురు తెలిసిన ఇళ్లకు ఫోన్లు చేసి, బీమా సొమ్ము వచ్చిందని, పెన్షను మార్చాలని చెప్పి వివరాలు లాగే మోసగాళ్లు ఉన్నారు. నాన్నగారి పేరు మీద మేము ఏ విరాళమూ సేకరించడం లేదు. ఎవరైనా అలా అడిగితే వారు మావాళ్లు కారని గ్రహించి, దయచేసి మాకు వెంటనే తెలియజేయండి.

ఫోటోలలో మీరు ఉండి, అది తీసేయాలని అనుకుంటే ఒక్క మాట చెప్పండి. కారణం అడగకుండా ఆ రోజే తీసేస్తాం. ఇక్కడి ఫోటోలను గ్రూపులలోకి పంపవద్దని మనవి. కాపీ కావలసినవారికి మేమే పెద్ద సైజులో పంపుతాం. ఈ పుటలో మార్పులు చేసే అధికారం నాకూ చెల్లెలికీ ఉంది. మా తర్వాత తమ్ముడి కూతురు చూసుకుంటానంది.

ఉప్పెన నాటి నోటుపుస్తకంలోని పుటలను ఇక్కడ పెట్టడం లేదు. అందులోని పేర్లు మావి కావు. కానీ ఆ రోజుల్లో మీ ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకుని, నాన్నగారు ఆ కబురు ఎవరికి, ఏ తేదీన రాశారో తెలుసుకోవాలనుకుంటే మా ఇంటికి రండి. అమ్మ ఆ పుస్తకం తీసి, మీవారి పేరున్న పుట మీకు చూపిస్తుంది.